కప్పులో ఎంత, పొడిలోంచి ఎంత

కాఫీ సరిగ్గా కుదరని రోజు ఇంట్లో వినిపించే మాటలు రెండే. ఒకటి ‘నీళ్లలా ఉంది’, రెండోది ‘చేదెక్కింది’. పాలూ పంచదారా పోసుకునే కాఫీకి ఆ మాటలు చాలు. వీ60లోనో ఏరోప్రెస్‌లోనో పాలు లేని కాఫీ చేసుకుంటూ, గింజలు మారినప్పుడల్లా కొలతలు సరిచూసుకునేవాళ్లకి మాత్రం అవి చాలవు. ఎందుకంటే ‘నీళ్లలా ఉంది’ అన్నదానికి కారణాలు రెండు ఉండొచ్చు. వేసిన పొడే తక్కువై ఉండొచ్చు. లేదా పొడి సరిపడా వేసినా, అందులోని సారం నీళ్లలోకి సరిగ్గా దిగకపోయి ఉండొచ్చు. మొదటిదైతే ఇంకో గ్రాము పొడి వేస్తే సరి. రెండోదైతే పొడి ఇంకాస్త మెత్తగా ఆడించుకోవాలి. కారణం తెలియకుండా పొడి పెంచితే, సారం దిగని కాఫీ పులుపుతో పాటు చిక్కబడుతుంది తప్ప బాగుపడదు. నాలుక ఈ రెండింటినీ కలిపేసి ఒకే ఫిర్యాదుగా చెబుతుంది. వాటిని విడదీసి చూపడం కోసమే రిఫ్రాక్టోమీటర్.

విడదీశాక మిగిలేవి రెండు అంకెలు. ఒకటి చిక్కదనం. వంద గ్రాముల కాఫీలో కరిగి ఉన్న పదార్థం ఎన్ని గ్రాములు అన్నదే ఇది. దీన్నే టీడీఎస్ అంటారు. మామూలు ఫిల్టర్ పేపర్ కాఫీలో ఇది 1.2 నుంచి 1.45 శాతం మధ్య ఉంటుంది. అంటే ఎంత చిక్కటి కప్పైనా అందులో 98 శాతానికి పైగా నీళ్లే. రెండోది దిగుబడి. వేసిన పొడి బరువులో ఎంత శాతం కరిగి కప్పులోకి చేరింది అన్న లెక్క. వేయించిన కాఫీ గింజలో సుమారు 28 నుంచి 30 శాతం దాకానే నీళ్లలో కరుగుతుంది. మిగిలినదంతా పీచు, మనం పారబోసే పిప్పి. ఆ కరిగేదాన్ని కూడా మొత్తం లాగితే కప్పు తాగేలా ఉండదు.

ఈ రెండు అంకెల్నీ ఒకే పటం మీదికి తెచ్చినవాడు ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. 1950లలో అమెరికాలోని కాఫీ బ్రూయింగ్ ఇన్‌స్టిట్యూట్ కోసం పనిచేస్తూ, చిక్కదనం ఒకవైపు, దిగుబడి మరోవైపు పెట్టి ఒక చార్టు తయారుచేశాడు. దాని నడుమ 18 నుంచి 22 శాతం దిగుబడి ఉన్న గడిని అప్పటి అమెరికన్ రుచికి తగినదిగా గుర్తించాడు. ఇప్పటికీ కాఫీ శిక్షణ తరగతుల్లో వేలాడే చార్టు ఆ వంశంలోదే. ఆయన కాలంలో చిక్కదనం చూడటానికి హైడ్రోమీటర్ వాడేవారు, అంటే ద్రవం సాంద్రతను బట్టి అంచనా. 2008 ప్రాంతంలో విన్స్ ఫెడెలే అనే అమెరికన్ ఇంజనీరు చేతిలో పట్టే డిజిటల్ రిఫ్రాక్టోమీటర్‌ని కాఫీకి తగ్గట్టు సరిదిద్ది, దిగుబడి లెక్కించే సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మకానికి తెచ్చాక ఈ పని ప్రయోగశాల దాటి కాఫీ షాపుల్లోకి, అక్కణ్ణుంచి ఇళ్లలోకి వచ్చింది.

పరికరం చేసే పని చిన్నదే. గాజు లాంటి ఒక ప్రిజమ్ మీద కొన్ని చుక్కల కాఫీ వేస్తాం. కింది నుంచి ఎల్‌ఈడీ కాంతి ఆ ప్రిజమ్‌కీ కాఫీకీ మధ్య సరిహద్దును తాకుతుంది. ఒక కోణం వరకు కాంతి కాఫీలోకి వెళ్లిపోతుంది, ఆ కోణం దాటితే వెనక్కి తిరిగి వస్తుంది. ఆ హద్దు కోణం ఎక్కడుందో సెన్సార్ చూసి వక్రీభవన గుణకాన్ని లెక్కిస్తుంది. 20 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటికి ఇది 1.3330. 1.4 శాతం చిక్కదనం ఉన్న కాఫీకి సుమారు 1.3354. అంటే మన కాఫీ తాలూకు సమాచారమంతా మూడో దశాంశ స్థానంలో రెండు అంకెల తేడాలోనే ఉంది. ఈ సంగతి గుర్తుంటే, తర్వాత చెప్పబోయే జాగ్రత్తలు చాదస్తంలా అనిపించవు.

ఇక్కడ రెండు పరికరాల గురించి ముందే హెచ్చరించాలి. మొదటిది చాలా ఇళ్లలో ఆర్‌వో నీళ్లు పరీక్షించడానికి ఉండే టీడీఎస్ పెన్ను. పేరు అదే అయినా అది కొలిచేది విద్యుత్ వాహకతని. నీళ్లలో లవణాలు విడివడి విద్యుత్తును మోస్తాయి కాబట్టి నీటికి అది పనికొస్తుంది. కాఫీలో కరిగినవాటిలో పెద్ద భాగం విద్యుత్తును మోయని పదార్థాలే. పెన్ను వాటిని చూడనే చూడదు, అయినా ఏదో ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెకీ చిక్కదనానికీ సంబంధం పెట్టుకోకండి. రెండోది కంటికి ఆనించుకుని చూసే బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్. చెరకు రసానికీ, చిత్తూరు వైపు మామిడి గుజ్జుకీ వాడేది ఇదే. దాని సూత్రం సరైనదే, బ్రిక్స్ అంకెని సుమారు 0.85తో గుణిస్తే కాఫీ చిక్కదనం వస్తుంది కూడా. కానీ మామూలు రకాల్లో గీతకీ గీతకీ మధ్య 0.2 బ్రిక్స్. అంటే కాఫీ భాషలో 0.17 శాతం. దిగుబడి దగ్గరికి వచ్చేసరికి అది రెండున్నర శాతం తేడా అయి కూర్చుంటుంది. మనం వెతుకుతున్న మార్పు సాధారణంగా అంతకన్నా చిన్నది.

అసలు కష్టం పరికరం దగ్గర కాదు, చుక్క దగ్గర. తప్పుడు అంకెల్లో ఎక్కువ భాగం నమూనా తీయడంలోనే పుడతాయి.

మొదట గాజు కూజాలోని కాఫీని కలపాలి. వీ60లో మొదట దిగేది చిక్కగా, చివర దిగేది పలచగా ఉంటుంది. కలపకపోతే అడుగున ఒక చిక్కదనం, పైన ఒక చిక్కదనం. పైనుంచి ఒక చుక్క తీసి కొలిస్తే మీ కాఫీ నిజంగా ఉన్నదానికన్నా పలచన అని పరికరం చెబుతుంది. చెంచాతో గట్టిగా కలిపాక పొడి పిపెట్‌తో రెండు మూడు మిల్లీలీటర్లు తీసుకోండి. నిన్నటి కాఫీ మిగిలిన పిపెట్ అయినా, కడిగిన నీళ్లు ఆరని పిపెట్ అయినా అంకె మారిపోతుంది. పిపెట్‌ని ఇదే కాఫీతో ఒకసారి నింపి పారబోసి, రెండోసారి నింపినది వాడటం మంచి అలవాటు.

తర్వాత చల్లార్చడం. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే నీటి వక్రీభవన గుణకం సుమారు 0.0001 తగ్గుతుంది. పైన చెప్పిన తేడాతో పోల్చి చూస్తే అది 0.06 శాతం చిక్కదనానికి సమానం. పరికరం ప్రిజమ్ ఉష్ణోగ్రతని కొలిచి సరిదిద్దుకుంటుంది నిజమే. కానీ వేడి చుక్క పడిన క్షణాన చుక్కదొక ఉష్ణోగ్రత, ప్రిజమ్‌దొక ఉష్ణోగ్రత. సెన్సార్ ప్రిజమ్‌దే చూస్తుంది. అందుకే వేడి చుక్క అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. ఇలా కాకూడదని చెంచాలోనో సాసరులోనో పోసి ఆరబెడితే ఇంకో చిక్కు. కొద్దిపాటి వేడి ద్రవం మూత లేకుండా ఉంటే ఆవిరవుతుంది. బరువులో 5 శాతం ఆవిరైతే 1.35 ఉన్నది 1.42 అవుతుంది. ఒక తప్పు అంకెని కిందికి లాగుతుంది, ఇంకోటి పైకి నెడుతుంది. రెండూ ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటాయనే ఆశ పెట్టుకోవద్దు. చిన్న మూత ఉన్న సీసాలో నమూనా పోసి, మూత బిగించి, గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఆగడమే దారి. తొందరగా ఉంటే ఆ సీసాని చన్నీళ్ల గిన్నెలో పెట్టొచ్చు. అయితే గదికన్నా చల్లబడకుండా చూసుకోవాలి.

సున్నా సరిచూసుకోవడం డిస్టిల్డ్ వాటర్‌తోనే చేయాలి. బ్యాటరీలకి పోసే నీళ్ల నాణ్యత మీద అనుమానం ఉంటే మందుల షాపులో దొరికే ఇంజెక్షన్ నీళ్లు వాడుకోండి. కుళాయి నీళ్లతో సున్నా పెట్టకండి. ఇంకో చిన్న మాట. ఏసీ గదిలో సున్నా పెట్టి, మే నెలలో 38 డిగ్రీలున్న వంటింట్లోకి తెచ్చి కొలిస్తే పరికరం సర్దుకునేలోపు మీరు రెండు మూడు తప్పుడు అంకెలు రాసేసుకుంటారు. నీళ్లు, కాఫీ నమూనా, పరికరం మూడూ ఒకే చోట, ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి.

ప్రిజమ్ మొత్తం కప్పేలా చుక్కలు వేశాక అర నిమిషం ఆగి కొలవండి, వెంటనే మళ్లీ రెండుసార్లు కొలవండి. 1.36, 1.37, 1.36 అని వస్తే నమ్మొచ్చు. 1.29, 1.33, 1.36 అంటూ ఒకే దిక్కుకి జరుగుతుంటే చుక్క ఇంకా చల్లారుతోందన్నమాట. అంకె ఆగేదాకా ఆగాలి. మూత తెరిచి ఉంచి చాలాసేపు ఆగితే మళ్లీ ఆవిరి సమస్య మొదలవుతుంది. కాబట్టి అది కూడా హద్దులోనే. పని అయ్యాక నీళ్లతో తుడిచి, ఆల్కహాల్ వైప్‌తో మరోసారి తుడవాలి. కాఫీలోని నూనె పలచటి పొరలా ప్రిజమ్‌కి అంటుకుంటే మర్నాడు సున్నా కూడా సున్నాలా ఉండదు. ఎస్‌ప్రెస్సో అయితే చుక్కని సిరంజి ఫిల్టర్ గుండా వడకట్టాలి. కరగకుండా తేలే నలకలు, నూనె బిందువులు కొలతని చెడగొడతాయి. పేపర్ ఫిల్టర్ కాఫీకి ఆ అవసరం లేదు.

ఇక లెక్క. కప్పులోకి దిగిన కాఫీ బరువుని చిక్కదనం శాతంతో గుణించి, పొడి బరువుతో భాగిస్తే దిగుబడి శాతం వస్తుంది. 15 గ్రాముల పొడి, 250 గ్రాముల నీళ్లు, కూజాలోకి దిగినది 218 గ్రాములు, చిక్కదనం 1.35 అనుకుందాం. 218ని 1.35తో గుణించి 15తో భాగిస్తే 19.6. చాలామంది ఇక్కడ 218 బదులు పోసిన నీళ్లు 250 వేసేస్తారు. అప్పుడు 22.5 వస్తుంది. మూడు శాతం దొంగ దిగుబడి. దాన్ని నమ్మి, ‘చార్టు హద్దు దాటిపోయాం’ అని పొడి బరకగా చేసుకుంటే, అప్పటిదాకా బాగానే ఉన్న కాఫీ పుల్లబడుతుంది. ఫిల్టర్‌లో పిప్పి తన బరువుకి రెండింతలు, ఆ పైన నీళ్లు పట్టుకుని ఉండిపోతుంది. అది కప్పులో లేదు. అందుకే కూజాని ఖాళీగా ఒకసారి తూచి, కాఫీతో ఒకసారి తూచి, తేడా రాసుకోవాలి.

ఈ లెక్కలో ఏ తప్పు ఎంత బరువో కూడా ఒకసారి చూసుకోవాలి. పొడి తూకంలో 0.1 గ్రాము అటూ ఇటూ అయితే దిగుబడి 0.13 శాతం కదులుతుంది. చిక్కదనంలో 0.03 తేడా వస్తే 0.44 కదులుతుంది. చుక్క ఒక డిగ్రీ వేడిగా ఉంటే దాదాపు 0.9. పరికరం తెర మీద రెండు దశాంశాలు కనిపిస్తున్నాయి కదా అని రెండూ నిజమనుకోకూడదు. తెర చూపించే అంకె వేరు, తయారీదారు హామీ ఇచ్చే ఖచ్చితత్వం వేరు. పెట్టె మీద రెండూ విడివిడిగా రాసి ఉంటాయి. నా మటుకు నేను అర శాతం లోపు దిగుబడి తేడాని తేడాగా లెక్కపెట్టను. 19.4 వచ్చిన కాఫీకన్నా 19.7 వచ్చిన కాఫీ మెరుగు అని వాదించేవాళ్లతో కూర్చుని కాఫీ తాగొచ్చు గానీ వాదించలేం.

ఇప్పుడు ఒక రెసిపీని సరిచేయడం చూద్దాం. అంకెలు ఉదాహరణకి పెట్టినవే గానీ, వీ60 కాఫీలో జరిగే తీరు ఇదే. గింజలు అరకు అరబికా, కాస్త లేత రోస్ట్. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో పండే ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొడి 15 గ్రాములు, నీళ్లు 250 గ్రాములు, వేడి 93 డిగ్రీలు. చేతితో తిప్పే గ్రైండర్‌లో 24వ క్లిక్ దగ్గర మొదలుపెట్టారు. నీళ్లు రెండు నిమిషాల పది సెకన్లలో దిగిపోయాయి. కప్పు పలచగా, నిమ్మకాయ పిండినట్టు పుల్లగా ఉంది. 218 గ్రాములు, చిక్కదనం 1.18. దిగుబడి 17.1. ఇప్పుడు సంగతి తేలింది. పొడి తక్కువ కాదు, సారం దిగలేదు. పొడి పెంచే ఆలోచన పక్కన పెట్టి మెత్తగా ఆడించాలి.

21వ క్లిక్‌లో రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. 1.32 చిక్కదనం, 19.2 దిగుబడి. పులుపు తగ్గి కాస్త తీపి తోచింది. 19వ క్లిక్‌లో మూడు నిమిషాల అయిదు సెకన్లు, చిక్కదనం 1.39, దిగుబడి 20.2. తీపి నిలిచింది, గొంతు దిగాక కూడా రుచి ఉంది. ఇలాగే ఇంకా మెత్తగా చేస్తే ఇంకా బాగుంటుందనుకుని 17వ క్లిక్‌కి వెళ్లారు. దిగడానికి మూడు నిమిషాల యాభై సెకన్లు పట్టింది. దిగినది 217 గ్రాములు, చిక్కదనం 1.35. దిగుబడి 19.5.

పొడి మెత్తబడింది, సమయం పెరిగింది, అయినా దిగుబడి తగ్గింది. రిఫ్రాక్టోమీటర్ తన ఖర్చుకి విలువ కట్టేది ఇక్కడే. మెత్తటి నలుసులు ఫిల్టర్ పేపర్ రంధ్రాల్ని మూసేసి, పొడి మంచంలో కొన్నిచోట్ల నీళ్లు కదలకుండా చేశాయి. నీళ్లు తేలిగ్గా దొరికిన దారుల్లోంచి, అంచుల వెంట పోయాయి. ఆ దారుల్లో ఉన్న పొడి నుంచి అవసరానికి మించి పిండాయి, మిగతా పొడిని సరిగ్గా తాకనే లేదు. నాలుక మీద ఇది చేదుగానూ, ఎండిపోయినట్టు వగరుగానూ తెలుస్తుంది. ఆ వగరు చూసి ‘ఎక్కువ దిగిపోయింది’ అనుకుంటాం. అంకె మాత్రం తక్కువ దిగిందంటోంది. రెండూ నిజమే. కొంత పొడి నుంచి ఎక్కువ, ఎక్కువ పొడి నుంచి తక్కువ. తేడా 0.7 మాత్రమే కాబట్టి, అదే క్లిక్‌లో ఇంకోసారి చేసి అదే దిక్కు చూపిస్తోందా అని రూఢి చేసుకోవాలి. చూపిస్తే 19వ క్లిక్‌కి వెనక్కి రావడమే. ఫిల్టర్‌లో పిప్పిని కూడా చూడండి. మంచం నడుమ బురదలా పేరుకుని, అంచుల్లో గుంటలు పడి ఉంటే అది కూడా అదే సాక్ష్యం.

ఇదే ఈ కొలతకున్న అసలైన పరిమితి కూడా. దిగుబడి ఒక సగటు. క్లాసు సగటు 60 మార్కులంటే అందరికీ 60 వచ్చి ఉండొచ్చు, సగం మందికి 90, సగం మందికి 30 వచ్చి ఉండొచ్చు. 20 శాతం దిగుబడి ఉన్న రెండు కప్పులు ఒకే రుచిలో ఉండాలన్న నియమం లేదు. ఏ గ్రైండర్ పొడిని సమానంగా ఆడిస్తుందో, దానితో అదే దిగుబడి దగ్గర కప్పు శుభ్రంగా ఉంటుంది. పరికరం ఆ అసమానతని నేరుగా చూపించలేదు. మెత్తన పెంచుతూ పోతే దిగుబడి ఎక్కడ ఆగి వెనక్కి తిరుగుతుందో చూపించగలదు. ఆ మలుపు ఎంత ఎత్తులో వస్తే మీ గ్రైండరూ, మీరు నీళ్లు పోసే తీరూ అంత బాగున్నట్టు.

దిగుబడి కుదిరాక చిక్కదనం సంగతి. 19వ క్లిక్ కప్పు రుచి బాగుంది గానీ కొంచెం బరువుగా అనిపించిందనుకోండి. పొడి తగ్గించనక్కర్లేదు, గ్రైండర్ ముట్టుకోనక్కర్లేదు. దిగిన 218 గ్రాముల్లో కరిగి ఉన్నది 3.03 గ్రాములు. అందులో 25 గ్రాముల వేడి నీళ్లు కలిపితే చిక్కదనం 1.25కి వస్తుంది. దిగుబడి 20.2గానే ఉంటుంది, ఎందుకంటే పొడిని మళ్లీ ముట్టుకోలేదు. పొడి ముందు నుంచే తక్కువ వేసి ఉంటే ఈ ఫలితం రాదు. అప్పుడు దిగుబడి కూడా కదిలిపోతుంది.

చిక్కబరచడం అంత తేలిక కాదు. పొడి 17 గ్రాములు చేసి నీళ్లు 250 దగ్గరే ఉంచితే, పిప్పి ఇంకొంచెం నీళ్లు పట్టుకుని 214 గ్రాములు దిగుతుంది. చిక్కదనం 1.52కి పెరిగిందనుకుంటే దిగుబడి 19.1కి తగ్గుతుంది. ఒక్కో గ్రాము పొడికి దొరికే నీళ్లు తగ్గాయి కదా. ఆ లోటుని మెత్తన పెంచి పూడ్చుదామంటే మలుపు దాటిపోతాం. నీళ్ల వేడి 96కి పెంచి చూడొచ్చు, లేదా 19.1 దగ్గర కప్పు ఎలా ఉందో తాగి చూసి అక్కడే ఆగిపోవచ్చు. వేడి గురించి ఒక సంగతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చిక్కదనమూ దిగుబడీ ఒకేలా ఉండేట్టు చూసుకుంటే నీళ్ల వేడి మార్పు డ్రిప్ కాఫీ రుచిని పెద్దగా మార్చలేదని తేలింది. వేడి పెంచడం వల్ల మనకి తెలిసే మార్పులో ఎక్కువ భాగం దిగుబడి ద్వారానే వస్తోందన్నమాట. అదే బృందం 2021లో మామూలు కాఫీ ప్రియుల్ని అడిగినప్పుడు, నలుపు కాఫీలో ఇష్టాలు ఆ పాత చార్టు గడిలో ఇమడకుండా చాలా దూరం పరుచుకుని ఉన్నాయని కూడా చూశారు. కాబట్టి 18 నుంచి 22 అన్నది వెతకడం మొదలుపెట్టే చోటే తప్ప పాస్ మార్కు కాదు.

ఫ్రెంచ్ ప్రెస్‌లో నానబెట్టి తీసే కాఫీకి లెక్క మారుతుంది. వీ60లో చివరి నీళ్లు పొడిని దాదాపు కడిగేసి పోతాయి కాబట్టి పిప్పిలో చిక్కుకున్న నీళ్లు పలచనే. నానబెట్టిన కాఫీలో పిప్పిలో ఉన్న ద్రవం కూడా కప్పులో ఉన్నంత చిక్కగా ఉంటుంది. 15 గ్రాముల పొడి, 250 గ్రాముల నీళ్లు, 1.30 చిక్కదనం అనుకుంటే మొత్తం నీళ్లతో లెక్కించాలి. 250ని 1.30తో గుణించి 98.7తో భాగిస్తే 3.29 గ్రాములు. దిగుబడి 21.9. వంపుకున్న 215 గ్రాములతో పాత లెక్క వేస్తే 18.6 మాత్రమే వస్తుంది. కాబట్టి ప్రెస్ అంకెనీ వీ60 అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చేముందు ఏ లెక్కతో వచ్చిందో చూసుకోండి. ఫోన్ యాప్‌లలో ఈ రెండు పద్ధతులూ విడిగా ఎంచుకునేలా ఉంటాయి. ఎంచుకోవడం మర్చిపోతే యాప్ తప్పు చెప్పదు, అడగని ప్రశ్నకి జవాబు చెబుతుంది.

మన స్టీలు ఫిల్టర్ డికాషన్‌కి దీన్ని వాడొచ్చా అని అడిగేవాళ్లున్నారు. చిక్కదనం కొలవొచ్చు, పాలు పోయకముందు, పంచదార వేయకముందు. పాలలోని ఘనపదార్థాలూ, చక్కెరా కాంతిని తామే వంచుతాయి కాబట్టి ఆ తర్వాత కొలిచిన అంకెకి అర్థం లేదు. చికోరీ లేని ఫిల్టర్ కాఫీ పొడి అయితే దిగుబడి లెక్క కూడా కట్టొచ్చు. డికాషన్ ఎస్‌ప్రెస్సోలా నలకలతో ఉంటుంది కాబట్టి వడకట్టడం తప్పదు. చికోరీ కలిసిందంటే మాత్రం ఆ చార్టుని మడిచి పెట్టేయాలి. వేయించిన చికోరీ బరువులో సగానికి పైగా నీళ్లలో కరిగిపోతుంది, కాఫీకి రెండింతలు. 70 పాళ్లు కాఫీ, 30 పాళ్లు చికోరీ ఉన్న పొడిలో కాఫీ 22 శాతం దిగి, చికోరీ 60 శాతం కరిగితే మొత్తం 33 శాతం పైన కనిపిస్తుంది. అది అతిగా దిగిన కాఫీ కాదు, రెండు వేర్వేరు పదార్థాల మొత్తం. మన దేశంలో కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతం ఉంటే చాలని నిబంధన. కాబట్టి పెట్టె మీద పాళ్లు చదవకుండా లెక్కకి దిగకండి. ఒకే బ్రాండు మిశ్రమంతో నిన్నటి డికాషన్‌నీ ఇవాళ్టి డికాషన్‌నీ పోల్చుకోవడానికి చిక్కదనం అంకె చాలు, దిగుబడి జోలికి వెళ్లొద్దు.

ఎవరు కొనాలి అంటే నా తీర్పు ఇది. 0.1 గ్రాము చూపే తూకం, పొడిని సమానంగా ఆడించే గ్రైండర్, ప్రతి కప్పుకీ కొలతలు రాసుకునే పుస్తకం, ఈ మూడూ లేనివాళ్లు రిఫ్రాక్టోమీటర్ కొనకండి. ఆ డబ్బు గ్రైండర్ మీద పెట్టండి. ఇవన్నీ ఉండి, కొత్త గింజలు తెచ్చినప్పుడల్లా సగం ప్యాకెట్ సరిచేయడంలోనే ఖర్చయిపోయేవాళ్లకి మాత్రం ఇది పనికొస్తుంది. కొన్నాక మొదటి రోజు కాఫీ కొలవకండి. డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా పెట్టి, అవే నీళ్లని తుడిచి మళ్లీ వేస్తూ పదిసార్లు కొలవండి. పదిసార్లూ 0.00 నుంచి 0.01 దాటకుండా వస్తే పరికరం, మీ చేయి రెండూ బాగున్నట్టే. 0.04, 0.05 అని ఊగుతుంటే ప్రిజమ్ మళ్లీ శుభ్రం చేసి చూడండి. అప్పటికీ ఊగితే వారంటీ తేదీ దాటకముందే దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.